సొంత బ్రాండా, వేరేవాళ్ల బ్రాండా: ఒక్క బాటిల్ మీద లెక్క వేసి చూస్తే

ఆన్‌లైన్‌లో ఏదైనా అమ్మడం మొదలుపెడదాం అనుకునేవాళ్లకి ఎదురయ్యే మొదటి సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే, వేరేవాళ్ల బ్రాండ్ అమ్మితే మిగిలేది ఏమీ ఉండదు, నీ సొంత పేరు పెట్టుకో, మార్జిన్ అంతా అక్కడే ఉంది అని. ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగం ఏంటంటే ఆ మార్జిన్ ఎప్పటికి చేతికొస్తుంది, ఈలోపు ఎంత డబ్బు ఎన్ని నెలలు ఇరుక్కుపోతుంది, సరుకు మిగిలిపోతే ఎవరి నెత్తిన పడుతుంది అనేది, అది మాత్రం ఎవరూ కాగితం మీద పెట్టి చూపించరు.

అందుకే ఒకే వస్తువు తీసుకుని రెండు రకాలుగా లెక్క వేద్దాం. స్టీల్ ఫ్లాస్క్ బాటిల్ అనుకోండి, రెండు పొరల గోడ ఉండి వేడినీళ్లు వేడిగానే ఉంచేది. ఏ దేశం డబ్బైనా పర్లేదు, ఒక పేరున్న బ్రాండ్ బాటిల్ 100కి అమ్ముడవుతోంది అనుకుందాం. పన్నులు పక్కన పెట్టేద్దాం, అవి ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఈ అంకెలు ఉదాహరణకి వేసుకున్నవే, మీ వస్తువుకి మీ అంకెలు వేసుకోవాలి, కానీ లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

ముందు రీసెల్లర్, అంటే వేరేవాళ్ల బ్రాండ్ సరుకు కొని అమ్మేవాడి సంగతి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర బాటిల్ 72కి దొరికింది. అమ్మే ప్లాట్‌ఫామ్ కమిషన్, ఫీజులు కలిపి 13 శాతం. ప్యాకింగ్, కొరియర్ 8. రిటర్న్స్ వల్ల పోయేది సగటున బాటిల్‌కి 2. అన్నీ తీసేస్తే చేతిలో 5 మిగులుతుంది. యాడ్స్ ఖర్చు లేదు ఎందుకంటే జనం ఆ బ్రాండ్ పేరు కొట్టి మరీ వెతుక్కుంటూ వస్తారు, ఆ పేరు కోసం ఖర్చు పెట్టింది కంపెనీ, మీరు కాదు.

5 అంటే తక్కువే, కానీ అసలు ఇబ్బంది అది తక్కువగా ఉండటం కాదు, అది ఎంత తేలిగ్గా ఎగిరిపోతుందో అదీ ఇబ్బంది. అదే బాటిల్‌ని ఇంకో నలుగురు అమ్ముతుంటారు, వాళ్లలో ఒకడు రేటు 96కి దించాడు అనుకోండి, మీరూ దించకపోతే ఆర్డర్లు ఆగిపోతాయి, దించితే కమిషన్ కాస్త తగ్గినా సరే మిగిలేది ఒకటిన్నర. రేటు 4 శాతం తగ్గితే లాభం 70 శాతం పోయింది. ఇంకోడు 94 అన్నాడా, ఇక అమ్మినకొద్దీ నష్టమే.

ఇప్పుడు సొంత బ్రాండ్. ఫ్యాక్టరీ రేటు 28, రవాణా, కస్టమ్స్, తనిఖీ కలిపి 7, బాక్స్, ప్రింటింగ్, బార్‌కోడ్ 3. అంటే మన చేతికి వచ్చేసరికి 38. వినడానికి చాలా బాగుంది, 72 ఎక్కడ 38 ఎక్కడ. కానీ ఎవరూ వినని పేరుని 100 పెట్టి ఎవరూ కొనరు కాబట్టి 90కి పెడతాం. కమిషన్ 12, కొరియర్ 8, రిటర్న్స్ 4 (కొత్త పేరు మీద జనానికి నమ్మకం తక్కువ, కొంచెం తేడా అనిపించినా వెనక్కి పంపేస్తారు). ఇక యాడ్స్. లిస్టింగ్, అంటే ప్లాట్‌ఫామ్‌లో మన బాటిల్ పేజీ, కాస్త నిలదొక్కుకున్నాక బాటిల్‌కి 15 అనుకుందాం. మిగిలేది 13. రీసెల్లర్‌కి వచ్చే 5కి రెండున్నర రెట్లు పైన. అందరూ చెప్పే లెక్క ఇక్కడితో ఆగిపోతుంది.

ఫ్యాక్టరీ వాడు ఒక్క బాటిల్ చెయ్యడు కదా. మీ రంగు, మీ మూత, మీ పేరు కావాలంటే మినిమమ్ ఆర్డర్ ఉంటుంది, 600 అన్నాడు అనుకుందాం. దానికి ముందు శాంపిల్స్ తెప్పించుకోవడం, డిజైన్, ఫోటోలు, ట్రేడ్‌మార్క్ దరఖాస్తు, ఇవన్నీ కలిపి ఒక 3,000. ఇది 600 మీద పంచితే బాటిల్‌కి 5. పైగా మొదటి 200 బాటిల్స్ అమ్మేదాకా రివ్యూలు ఉండవు, రివ్యూలు లేని లిస్టింగ్‌కి యాడ్ మీద క్లిక్ చేసినవాళ్లు కూడా కొనకుండా వెళ్లిపోతారు, కాబట్టి అప్పుడు బాటిల్‌కి యాడ్స్ 15 కాదు 30 అవుతుంది. ఆ అదనం ఇంకో 3,000, అంటే బాటిల్‌కి మళ్లీ ఒక 5. మొత్తం 13లోంచి 10 పోతే మిగిలింది 3.

అంటే మొదటి బ్యాచ్ మొత్తం సాఫీగా అమ్ముడైపోయినా కూడా సొంత బ్రాండ్ వాడికి బాటిల్‌కి 3, రీసెల్లర్‌కి 5. సొంత బ్రాండ్ మార్జిన్ అనేది అసలు కనిపించేది రెండో ఆర్డర్ నుంచే. మొదటి ఆర్డర్ అయ్యాక చాలామంది మానేస్తారు కాబట్టి వాళ్లు ఆ మార్జిన్ ఎప్పుడూ చూడరన్నమాట.

అది కూడా 600 బాటిల్స్ అన్నీ అమ్ముడైతే. అమ్ముడవకపోతే? మిగిలినవి 45కి వదిలించుకోవాలి అనుకోండి, కమిషన్ 6, కొరియర్ 8, బాటిల్ ఖరీదు 38, అంటే ఒక్కోదాని మీద 7 నష్టం. 400 మామూలు రేటుకి పోయి 200 ఇలా పోతే, 400 మీద 5,200 వచ్చింది, 200 మీద 1,400 పోయింది, మొదట్లో పెట్టిన అదనపు ఖర్చులు 6,000, నికరంగా 2,200 నష్టం. మూడింట రెండొంతులు పూర్తి రేటుకి అమ్మి కూడా నష్టం! ఇదే లెక్కలో లాభనష్టాలు లేకుండా బయటపడాలంటే 600లో 510 పూర్తి రేటుకే అమ్ముడవ్వాలి. ఫ్యాక్టరీతో మాట్లాడకముందే మీ అంకెలతో ఈ ఒక్క సంఖ్య తేల్చుకుంటే చాలు, సగం సందేహాలు తీరిపోతాయి, అది 500 పైన వచ్చి ఆ వస్తువు రోజుకి ఎన్ని అమ్ముడవుతుందో అసలు తెలియకపోతే ఇంకా సమయం రాలేదనే అర్థం.

రీసెల్లర్ పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. 40 బాటిల్స్ తెచ్చుకుంటాడు, 2,880 పెట్టుబడి, అమ్ముడవ్వకపోతే కొన్న రేటుకో కాస్త తక్కువకో వదిలించుకుంటాడు, పేరున్న సరుకు కాబట్టి ఎవరో ఒకరు తీసుకుంటారు. డబ్బు తిరిగే వేగం కూడా చూడాలి. అమ్మకం, ప్లాట్‌ఫామ్ నుంచి డబ్బు రావడం, మళ్లీ సరుకు కొనడం కలిపి ఐదు వారాలు పట్టిందనుకుంటే ఏడాదికి పదిసార్లు తిరుగుతుంది, 40 బాటిల్స్, 5 చొప్పున, పదిసార్లు, మొత్తం 2,000. పెట్టిన 2,880 మీద దాదాపు 70 శాతం. సొంత బ్రాండ్‌లో ఫ్యాక్టరీకి అడ్వాన్స్ ఇచ్చిన రోజు నుంచి సరుకు అమ్మకానికి వచ్చేసరికి రెండున్నర మూడు నెలలు, తర్వాత రోజుకి 5 చొప్పున 600 అమ్మడానికి ఇంకో నాలుగు నెలలు. ఏడు నెలలకి ఒక చుట్టు. కష్టాలన్నీ దాటిన రెండో బ్యాచ్‌లో కూడా 22,800 పెడితే 7,800, అంటే చుట్టుకి 34 శాతం, ఏడాదికి 58 దాకా. బాటిల్ మీద రెండున్నర రెట్లు మిగిలినవాడికి డబ్బు మీద రాబడి చూస్తే రీసెల్లర్ కంటే తక్కువే వచ్చింది.

మరి అయితే రీసెల్లింగే మేలా అంటే, అక్కడో గోడ ఉంది. 2,880 మీద 70 శాతం వచ్చింది కదా అని 28,800 పెడితే పదిరెట్లు రాదు. అదే బాటిల్ అమ్మేవాళ్లు ఐదుగురు ఉంటే వచ్చే ఆర్డర్లని ఐదుగురూ పంచుకోవాల్సిందే, ఎక్కువ సరుకు తెచ్చినంత మాత్రాన కొనేవాళ్లు పెరగరు. పెరగాలంటే ఇంకో వస్తువు, ఇంకో వస్తువు, అలా వందల రకాలు పట్టుకోవాలి, అది వేరే పని, గోడౌన్ పని. సొంత బ్రాండ్‌లో పెరుగుదల అదే వస్తువు మీద వస్తుంది, రివ్యూలు పోగయ్యేకొద్దీ యాడ్స్ 15 కాస్తా 10కి దిగొచ్చు, ఆర్డర్ 2,000 దాటితే ఫ్యాక్టరీ రేటు దిగొచ్చు. డబ్బు చిన్నదిగా ఉన్నప్పుడు రీసెల్లింగ్ గెలుస్తుంది, పెద్దదయ్యేకొద్దీ బ్రాండ్ గెలుస్తుంది, మొదలుపెట్టేవాడి దగ్గర ఉండేది చిన్న డబ్బే కదా.

ఇక చేతిలో పట్టు ఎంతుంటుంది అనే విషయం. రీసెల్లర్‌కి ఇది దాదాపు సున్నా అనే చెప్పాలి. పెద్ద మార్కెట్‌ప్లేస్‌లలో ఒక వస్తువుకి ఒకటే పేజీ, దాని వెనక అమ్మేవాళ్లందరూ క్యూలో ఉంటారు, కొనే బటన్ నొక్కితే ఆ ఆర్డర్ ఎవరికి పోవాలో ప్లాట్‌ఫామ్ తేలుస్తుంది. మీరు ఎంత జాగ్రత్తగా ప్యాక్ చేసి పంపినా ఆ రివ్యూ చేరేది బాటిల్ పేజీకి. రేపు కంపెనీ వాడు ఆన్‌లైన్‌లో బయటివాళ్లు అమ్మడానికి వీల్లేదు, మా డీలర్లే అమ్మాలి అని నిర్ణయించుకుంటే ప్లాట్‌ఫామ్ మిమ్మల్ని ఇన్‌వాయిస్‌లు, అనుమతి లెటర్ అడుగుతుంది, అవి లేకపోతే లిస్టింగ్ ఆగిపోతుంది, గదిలో బాటిల్స్ మాత్రం అలాగే ఉంటాయి. చవగ్గా దొరికాయి కదా అని ఎవరి దగ్గరో బిల్లు లేకుండా కొన్నవాళ్లు పూర్తిగా చిక్కుకునేది ఇక్కడే, సరుకు అసలైనదే అయినా అసలైనదని చూపించే కాగితం ఉండదు.

ఇలాంటిది రాబోతోందని ముందే పసిగట్టొచ్చు. ఒక వస్తువు ఎంచుకునే ముందు రెండు వారాలు రోజూ ఆ పేజీ తెరిచి ఎంతమంది అమ్ముతున్నారు, అందరికంటే తక్కువ రేటు ఎంత అని రాసుకోండి. అమ్మేవాళ్లలో కంపెనీ పేరే కనిపిస్తే అక్కడ మీకు చోటు లేనట్టే. అతి తక్కువ రేటు మీరు కొనే రేటుకి ఫీజులు, కొరియర్ కలిపినదానికంటే కింద ఉంటే, ఎవడికో మీకంటే మంచి రేటు పడుతోందన్నా అయ్యుండాలి, లేదా ఎవడో స్టాక్ వదిలించుకుంటున్నాడన్నా అయ్యుండాలి, రెండో రకమైతే రెండు వారాల్లో సర్దుకుంటుంది, మొదటి రకమైతే ఎప్పటికీ సర్దుకోదు.

ఈ పట్టు లేకపోవడం పెద్దవాళ్లకీ అనుభవమే. ఇవాళ నైకీ అని పిలిచే కంపెనీ 1964లో ఫిల్ నైట్, బిల్ బవర్‌మన్ బ్లూ రిబ్బన్ స్పోర్ట్స్ పేరుతో పెట్టినప్పుడు చేసింది రీసెల్లింగే, జపాన్ కంపెనీ ఒనిత్సుకా తయారు చేసే టైగర్ షూస్ తెప్పించి అమెరికాలో అమ్మేవాళ్లు. బవర్‌మన్ పరుగుల కోచ్ కాబట్టి షూ ఎలా ఉండాలో మార్పులు కూడా చెప్పేవాడు, ఒనిత్సుకా అవి తీసుకుని మోడల్స్ చేసేది. అమ్మకాలు పెరిగాక ఒనిత్సుకా వేరే డిస్ట్రిబ్యూటర్ల వైపు చూడటం మొదలుపెట్టింది, సంబంధం చెడింది, 1971లో నైకీ పేరు పుట్టింది, తర్వాత కోర్టు దాకా వెళ్లారు. ఈ కథని సొంత బ్రాండ్ గొప్పతనానికి ఉదాహరణగా చెప్తుంటారు గానీ, దీంట్లో చూడాల్సింది మధ్యలో ఉన్న ఏడేళ్లు. సొంత పేరు పెట్టే రోజుకి ఎవరు కొంటారో, ఏ షూ ఎందుకు నచ్చుతుందో, ఏది ఎక్కడ చిరుగుతుందో వాళ్లకి తెలుసు, అదంతా వేరేవాడి బ్రాండ్ అమ్ముతూ నేర్చుకున్నదే.

సొంత బ్రాండ్‌లో పట్టు ఉంటుంది, కానీ అనుకున్నంత ఉండదు. రేటు మీ చేతిలో, ఫోటోలు మీ చేతిలో, రివ్యూలు మీవే. మూత లీక్ అవుతోందని పదిమంది రాస్తే తర్వాతి బ్యాచ్‌లో రబ్బర్ వాషర్ మార్పించొచ్చు, ఇది రీసెల్లర్ ఎప్పటికీ చెయ్యలేని పని. కానీ ఫ్యాక్టరీ రెడీగా పెట్టుకున్న బాటిల్ మీద ఊరికే పేరు చెక్కించుకుంటే అదే బాటిల్ ఇంకో ఇరవై పేర్లతో పక్కనే కనిపిస్తుంది, అప్పుడు మళ్లీ రేటు యుద్ధమే. ఈ పద్ధతిలో 100 బాటిల్స్‌కి కూడా ఆర్డర్ తీసుకునేవాళ్లు దొరుకుతారు, రేటు కాస్త ఎక్కువైనా రిస్క్ తక్కువ, కాబట్టి జనం కొంటారా లేదా అని తెలుసుకోవడానికి మంచిదే, దాన్నే బ్రాండ్ అనుకోకపోతే చాలు. డబ్బు పెట్టి కొత్త అచ్చు చేయిస్తే మాత్రం ఆ అచ్చు ఎవరిదో, దానితో వేరేవాళ్లకి చేసివ్వొచ్చో లేదో రాతపూర్వకంగా ఉండాలి.

రిస్క్ విషయంలో రెండింటికీ ఉన్న అసలు తేడా బాటిల్ మీద ఎవరి పేరుంది అన్నదే. వేరేవాళ్ల బాటిల్ పగిలితే కంపెనీ వారంటీ ఉంది. మీ పేరున్న బాటిల్ పగిలితే దాన్ని చేసింది ఏ ఫ్యాక్టరీ అయినా కొన్నవాడు వచ్చేది మీ దగ్గరికే, చాలా దేశాల్లో చట్టం కూడా అలాగే చూస్తుంది. 1985 నాటి యూరప్ ప్రొడక్ట్ లయబిలిటీ డైరెక్టివ్ వస్తువు మీద తన పేరు లేదా గుర్తు వేసుకుని తయారీదారుగా కనిపించేవాడిని కూడా తయారీదారుగానే లెక్కేసింది. అందుకే మొదటిసారి బ్రాండ్ పెట్టేవాళ్లు కరెంటుతో, బ్యాటరీతో నడిచేవి, పిల్లలు నోట్లో పెట్టుకునేవి ముట్టుకోకపోవడమే మంచిది, టెస్టుల ఖర్చే మొదటి బ్యాచ్ లాభాన్ని తినేస్తుంది. బాటిల్ కూడా తాగే నీళ్లు తగిలే వస్తువే, స్టీల్ గ్రేడ్, వాషర్ మెటీరియల్ టెస్ట్ రిపోర్టులు ఆర్డర్ ఇచ్చేముందే అడగాలి, ఆ రిపోర్టు మీరు కొంటున్న మోడల్‌దేనా లేక వేరేదా అని కూడా చూడాలి.

పేరు విషయంలో ఇంకో మాట, బాక్సులు ప్రింట్ అయ్యాక ఆ పేరు ఇంకెవరిదో అని తెలిస్తే మొత్తం చిత్తు కాగితమే. ట్రేడ్‌మార్క్‌లని నైస్ వర్గీకరణ ప్రకారం 45 క్లాసులుగా విడదీస్తారు, ఇలాంటి బాటిల్స్ 21వ క్లాసులోకి వస్తాయి, అమ్మబోయే దేశం రిజిస్టర్‌లో ఆ క్లాసులో ముందే వెతుక్కోవాలి, అచ్చం అదే స్పెల్లింగ్ కాకుండా వినడానికి దగ్గరగా ఉన్నవి కూడా.

సరుకు నాణ్యత గురించి ఫ్యాక్టరీ పంపిన శాంపిల్ చూసి నమ్మెయ్యకూడదు, శాంపిల్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. మామూలుగా 30 శాతం అడ్వాన్స్, సరుకు బయల్దేరేముందు 70 శాతం అనే పద్ధతి నడుస్తుంది కాబట్టి తనిఖీ ఆ 70 శాతం కట్టకముందే జరగాలి, కట్టేశాక మీ మాటకి బలం ఉండదు. తనిఖీ వాళ్లు ఎక్కువగా వాడేది ఐఎస్ఓ 2859-1 పట్టిక, మామూలు లెవెల్‌లో 600 బాటిల్స్ లాట్‌కి 80 తీసి చూస్తారు, పెద్ద లోపాలకి ఆ పట్టికలో ఏక్యూఎల్ అనే ఆమోద స్థాయి 2.5 పెట్టుకుంటే 80లో 5 దాకా లోపాలుంటే పాస్, 6 ఉంటే ఫెయిల్. పాస్ అయిన లాట్‌లో కూడా లోపాలు ఉంటాయని దీన్నిబట్టే తెలుస్తోంది, రిటర్న్స్ 4 వేసుకోవడానికి ఇదీ ఒక కారణం. ఫ్లాస్క్ బాటిల్‌కి ప్రత్యేకంగా చెప్పాల్సిన పరీక్షలు రెండు. మరిగే నీళ్లు పోసి మూత పెట్టి కాసేపాగి బయట గోడ పట్టుకుని చూడాలి, వేడి తగిలితే గోడల మధ్య వ్యాక్యూమ్ పోయినట్టు, ఆ బాటిల్ పనికిరాదు. తర్వాత టిష్యూ పేపర్ మీద తలకిందులుగా నిలబెట్టాలి, తడి కనిపిస్తే వాషర్ సరిగ్గా కూర్చోలేదు. ఈ రెండూ తనిఖీ వాళ్లకి ఇచ్చే లిస్టులో మీరే రాయించాలి, రాయకపోతే వాళ్లు గీతలు, రంగు, లోగో మాత్రమే చూసి వెళ్లిపోతారు.

ఏ వస్తువుకి ఏ దారి అనేది తేల్చుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది, జనం దాన్ని ఎలా వెతుకుతున్నారో చూడటం. సెర్చ్ బాక్సులో రెండు మూడు అక్షరాలు కొడితే వచ్చే సూచనల్లో బ్రాండ్ పేర్లే ఎక్కువ వస్తే, ఆ వస్తువుని పేరు చూసి కొంటున్నారు, అక్కడ కొత్త పేరుతో దిగడం అంటే యాడ్స్‌కి డబ్బు ధారపోయడమే, రీసెల్ చేసుకోవాలి. పని చెప్పి వెతుకుతుంటే, అంటే కారులో పట్టే బాటిల్, మూత ఒక చేత్తో తెరుచుకునే బాటిల్ లాంటి మాటలు వస్తుంటే, అక్కడ పేరు ముఖ్యం కాదు, కొత్త బ్రాండ్‌కి చోటుంది.

అందువల్ల చిన్న డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకి అన్నిటికంటే అర్థమున్న వరస, సొంతంగా పెట్టాలనుకునే ఆ రకం వస్తువునే ముందు కొన్నాళ్లు రీసెల్ చెయ్యడం. లాభం 5 అయినా 3 అయినా పర్లేదు, రోజుకి ఎన్ని పోతున్నాయి, ఏ సైజు పోతోంది, రిటర్న్ వచ్చిన ప్రతి బాటిల్ ఎందుకొచ్చింది అని రాసుకుంటే 510 అనే సంఖ్య అందుతుందా లేదా అని చెప్పగలిగే సమాచారం మీ దగ్గరే తయారవుతుంది. కాకపోతే డిస్ట్రిబ్యూటర్ ఒప్పందంలో పోటీ సరుకు అమ్మకూడదనే షరతు ఉందేమో చూసుకోవాలి, వాళ్ల డిజైన్‌ని అలాగే దించెయ్యకూడదు.

చివరిగా, మొదటి బ్యాచ్ బాగా పోతున్నప్పుడే వచ్చే ఒక చిక్కు ఉంది. రోజుకి 5 అమ్ముతూ కొత్త సరుకు రావడానికి 75 రోజులు పడితే, ఇంకా 375 బాటిల్స్ ఉండగానే రెండో ఆర్డర్ ఇచ్చెయ్యాలి, లేదంటే స్టాక్ అయిపోయి, లిస్టింగ్ కిందకి జారి, మళ్లీ యాడ్స్ 30తో మొదలు. అప్పటికి అమ్మింది 225 మాత్రమే, అందులో 200 ఖరీదైన యాడ్స్‌తో అమ్మినవి. వచ్చిన డబ్బు ఎనిమిదిన్నర వేలు, అడ్వాన్స్‌కి 5,000 సరిపోతుంది, కానీ నెలన్నర తర్వాత మిగతా 70 శాతం, రవాణా ఖర్చు కలిపితే చేతిలో ఉన్నది బొటాబొటీగా అవుతుంది, అందుకే మొదటి ఆర్డర్‌లోనే ఉన్న డబ్బంతా పెట్టకూడదు. ఆ రోజు రెండో ఆర్డర్ ఇవ్వాలా వద్దా అని తేల్చేది మొత్తం అమ్మకాలు కాదు, చివరి పాతిక ముప్ఫై ఆర్డర్లలో యాడ్ మీద క్లిక్ చెయ్యకుండా వచ్చినవి ఎన్ని, రిటర్న్‌లలో ఒకే కారణం పదే పదే కనిపిస్తోందా అన్నవి. యాడ్ లేకుండా వచ్చేవి పెరుగుతూ ఉంటే ఆర్డర్ ఇవ్వొచ్చు. ఒకే కారణం కనిపిస్తే ముందు అది ఫ్యాక్టరీలో సరిచేయించి, అవసరమైతే కొన్ని వారాలు స్టాక్ లేకపోయినా ఓర్చుకుని అప్పుడు ఇవ్వాలి. రెండూ లేకపోతే ఆ 375ని రేటు తగ్గించుకుంటూ నిదానంగా అమ్మేసి, రీసెల్లింగ్‌లో తిరుగుతున్న 2,880తోనే ఇంకో వస్తువు వెతుక్కోవచ్చు.